ఎందుకొచ్చావని అడగని గది

ఒక మాట గమనించారా? పెళ్ళి కాని అమ్మాయి తన ఇంటిని "పుట్టిల్లు" అనదు. "మా ఇల్లు" అంటుంది. పెళ్ళయిన మర్నాడు అదే ఇల్లు, అదే గేటు, అదే గోడ పుట్టిల్లు అయిపోతుంది. మా అమ్మది కన్నడం. వాళ్ళ భాషలోనూ అంతే, "తవరు మనె" అనే మాట పెళ్ళయిన ఆడవాళ్ళకే. మగవాళ్ళకి తెలుగులో పుట్టిల్లూ లేదు, కన్నడంలో తవరూ లేదు. వాళ్ళకి ఎప్పుడూ ఇల్లే. మా నాన్నవైపు "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అంటారు. అమ్మవైపు "కొట్ట హెణ్ణు కులక్కె హొరగు" అంటారు, అంటే ఇచ్చేసిన పిల్ల కులానికి బయటిది అని. నేను రెండు భాషల ఇంట్లో పెరిగాను కాబట్టి ఈ సామెతని రెండుసార్లు విన్నాను.

కాబట్టి పెళ్ళి చెడి కూతురు తిరిగొచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళకి మొదట వచ్చే ఇబ్బంది డబ్బు కాదు, పరువు కూడా కాదు. ఆమెని ఏ లెక్కలో పెట్టుకోవాలో తెలియకపోవడం. ఆమె చుట్టమా? ఇంటిమనిషా? ఈ వ్యాసంలో ఆ ఒక్క సంగతే రాస్తున్నాను. ఉదాహరణ మా పెదనాన్న ఇల్లు. మా అక్కని అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం వేయొద్దంది.

రెండు సూట్‌కేసులు

అక్కకి ముప్ఫై ఏళ్ళు, ఉద్యోగం ఉంది. పోయినేడు జూన్‌లో ఒక ఆదివారం క్యాబ్‌లో రెండు సూట్‌కేసులతో కె.ఆర్.పురంలో పెదనాన్న ఇంటికి వచ్చేసింది. పెదనాన్న రిటైరయ్యారు. థర్టీ ఫార్టీ సైటులో ఆయన కట్టుకున్న ఇల్లు అది. పైన అన్న, వదిన ఉంటారు, కింద పెద్దవాళ్ళు. అక్క గది అప్పటికే సామాన్ల గది అయింది. పెద్దమ్మ కుట్టు మిషను, అన్న పాత కంప్యూటరు, బియ్యం మూటలు అందులోనే ఉండేవి.

ఎవరూ ఆమెని బయటికి పొమ్మనలేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో తల్లిదండ్రులు రాక్షసులుగా ఉంటారని మనం అనుకుంటాం. పెదనాన్న సూట్‌కేసులు లోపల పెట్టారు, పెద్దమ్మ అన్నం పెట్టింది. తర్వాత అడిగింది, "ఏమైందే? కొట్టాడా?" అక్క లేదంది. "తాగుతాడా? ఎవరైనా ఉన్నారా?" అన్నిటికీ లేదనే అంది. అప్పుడు పెద్దమ్మ అన్న మాట, "మరి ఎందుకొచ్చావు?"

కొట్టాడని చెప్పి ఉంటే ఆ రాత్రే గది ఖాళీ చేసేవాళ్ళని అక్క అంటుంది. కారణం చాలదనిపించింది కాబట్టి మూడు నెలలు హాల్లో దీవాన్ మీద పడుకుంది. ఆశ్రయం ఇచ్చారు, కానీ ఇంత బాధకి ఇంత చోటు అన్నట్టు కొలిచి ఇచ్చారు.

చట్టం కూడా అదే ప్రశ్న అడిగేది

ఇది పెద్దమ్మ ఒక్కదాని బుద్ధి కాదు. దాదాపు యాభై ఏళ్ళు మన చట్టంలో ఇదే ప్రశ్న రాసి ఉంది.

1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుండేది. వీలునామా రాయకుండా తండ్రి చనిపోయి, కుటుంబమంతా ఉండే ఇల్లు మిగిలిందనుకుందాం. కూతురికీ వాటా ఉంది. కానీ ఆ సెక్షన్ ఆమెకి రెండు అడ్డంకులు పెట్టింది. మొదటిది, అన్నదమ్ములు పంచుకుందాం అనేవరకూ ఆమె ఇంటిని పంచమని అడగకూడదు. రెండోది, ఆ ఇంట్లో ఆమె ఉండాలంటే నాలుగింటిలో ఏదో ఒకటి అయ్యుండాలి: పెళ్ళి కానిది, భర్త వదిలేసినది, భర్త నుంచి విడిపోయినది, లేదా భర్త పోయినది. కొడుక్కి ఇలాంటి పట్టిక ఏమీ లేదు. వాడికి పెళ్ళయినా, భార్యతో పోట్లాడినా, ఊరికే వచ్చినా ఉండొచ్చు.

మొదటిసారి చదివినప్పుడు "విడిపోయిన కూతురికి చోటిచ్చారు కదా, మంచి చట్టమే" అనుకున్నాను. తర్వాత అర్థమైంది. అక్కడ ఆమె ఉండటం వారసురాలిగా కాదు, కష్టంలో ఉన్న మనిషిగా. కష్టం ఏమిటో చెప్పాలి, నిరూపించాలి. "ఏమైందే?" అన్న పెద్దమ్మ ప్రశ్నే చట్టం భాషలో ఉంది.

2005లో పార్లమెంటు ఈ 23వ సెక్షన్‌ని పూర్తిగా తీసేసింది. ఆ సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లో ఉంది. అదే సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. మన రెండు రాష్ట్రాలూ దీనికంటే ముందే నడిచాయి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు నుంచి, కర్ణాటక సవరణ 1994 జులై నుంచి కూతుళ్ళకి ఆ హక్కు ఇచ్చాయి. కానీ రెండింటిలోనూ ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఆ హక్కు లేదు. అంటే పెళ్ళయితే బయటిదే అన్న సామెత చట్టంలో అలాగే ఉండిపోయింది. 2005లోనే పెళ్ళి సంగతి పక్కకి పోయింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన పని కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చింది.

మా అక్క లెక్క

ఇది అక్క విషయంలో ఎలా ఉంటుందో చూద్దాం. ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను.

పెదనాన్నకి రెండు ఆస్తులున్నాయి. ఒకటి కె.ఆర్.పురం ఇల్లు, ఆయన జీతంతో కట్టుకున్నది. రెండోది హిందూపురం దగ్గర ఊళ్ళో తాతల నాటి పొలం, ఇంకా పంచుకోలేదు. పొలంలో అక్కకి అన్నతో సమానంగా పుట్టుకతోనే హక్కుంది. పెళ్ళి చేసుకున్నప్పుడు అది పోలేదు, తిరిగొచ్చినప్పుడు కొత్తగా రాలేదు. ఇల్లు వేరు. అది ఆయన స్వార్జితం. ఆయన ఉన్నంతకాలం అక్కకి గానీ, అన్నకి గానీ అందులో హక్కు లేదు. ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే పెద్దమ్మకి, అన్నకి, అక్కకి మూడింట ఒక వంతు చొప్పున వస్తుంది.

దీంట్లో తేలిందేమిటంటే, ఈరోజు ఆ ఇంట్లో అక్క ఎంత హక్కుతో ఉందో పైన అన్న కూడా అంతే హక్కుతో ఉన్నాడు. ఇద్దరూ నాన్న ఇష్టం మీదే ఉన్నారు. కానీ అన్నని ఎవరూ "ఇంకా ఎన్నాళ్ళుంటావు?" అనరు. ఈ మాట అక్క ఒకరోజు భోజనాల దగ్గర అంటే పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదట. మర్నాడు బియ్యం మూటలు గదిలోంచి బయటికి వచ్చాయి.

చట్టానికి ఒక హద్దు కూడా ఉంది, అదీ చెప్పాలి. తండ్రి కూతురిని పోషించాల్సిన బాధ్యత గురించి 1956లోనే ఇంకో చట్టం ఉంది, హిందూ దత్తత, మనోవర్తి చట్టం. దాని ప్రకారం తనని తాను పోషించుకోలేని పెళ్ళికాని కూతురు తండ్రిని అడగొచ్చు. భర్త పోయిన కూతురికీ అందులో చోటుంది. విడాకులైన కూతురి పేరు ఆ జాబితాలో లేదు. ఢిల్లీ హైకోర్టు 2023లో ఒక కేసులో ఇదే చెప్పింది, ఆమె అడగాల్సింది భర్తనని. కాబట్టి ఉద్యోగం లేని అమ్మాయి తిరిగొస్తే అమ్మానాన్నలు పెట్టే అన్నం చాలావరకు వాళ్ళ మంచితనమే. మంచితనంగా పెట్టేది కాబట్టే దానికి బదులుగా మాట వినాలని వాళ్ళకి అనిపిస్తుంది. మా అక్కకి జీతం ఉండటం వల్ల కొంత నయం. రెండో నెల నుంచి కరెంటు బిల్లు, గ్యాసు, పాలు తనే కడుతోంది. పెద్దమ్మ మొదట "ఇంట్లో అద్దెకుంటున్నావా?" అని బాధపడింది, తర్వాత తీసుకుంది.

నాలుగు రోజులు కాదు, ఏడాదిన్నర

పెద్దమ్మ చుట్టాలకి చెప్పిన మొదటి మాట, "నాలుగు రోజులుండి పోతుంది". తర్వాత "వర్క్ ఫ్రమ్ హోమ్, అందుకని ఇక్కడుంది" అన్నారు. అబద్ధం ఒక్కసారి చెప్తే సరిపోదు, ప్రతి ఫోన్‌కీ కొత్తగా చెప్పాలి. ఆ అబద్ధంలో అక్క ఇరుక్కుంది. పిన్ని ఫోన్ చేస్తే తను గొంతు వినిపించకూడదు.

అసలు ఎన్నాళ్ళు పడుతుందో ముందే తెలిసుంటే ఈ మాట చెప్పేవాళ్ళు కాదేమో. హిందూ వివాహ చట్టంలో ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకి 13-బి సెక్షన్ ఉంది. పిటిషన్ వేయాలంటే అప్పటికే కనీసం ఏడాది ఇద్దరూ విడిగా ఉండాలి. వేశాక ఇంకో ఆరు నెలలు ఆగి మళ్ళీ కోర్టుకి వెళ్ళి, మా మాట ఇదే అని చెప్పాలి. విడిపోయి అప్పటికే ఏడాదిన్నర దాటి, పంపకాలన్నీ తేలిపోయి, కలిసే ఆశ లేదని కోర్టుకి అనిపిస్తే ఆ ఆరు నెలలు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఎలా చూసినా దాదాపు ఏడాదిన్నర. ఒకరు ఒప్పుకోకపోతే ఎన్నేళ్ళో చెప్పలేం. అక్క పోయిన జూన్‌లో వచ్చింది, ఈ జూన్‌లో పిటిషన్ వేశారు, డిసెంబరు దాకా ఆగాలి.

ఈ ఏడాదిన్నరా ఆమెకి పేరు లేదు. భార్యా కాదు, విడాకులైన మనిషీ కాదు. చుట్టాల సలహాలన్నీ ఈ ఖాళీలోకే వస్తాయి. "ఇంకా సంతకం కాలేదు కదా, ఒక్కసారి వెళ్ళి చూడు" అంటారు. ఆశ్చర్యం ఏమిటంటే మన ఊళ్ళలో చాలా కులాల్లో పాతకాలం నుంచి కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకోవడం, తర్వాత మారుమనువు చేసుకోవడం మామూలే. "మారుమనువు" అనే మాట మన భాషలో ఉందంటే ఆ పని జరిగేదనే కదా. విడిపోవడమే పెద్ద అప్రదిష్ట అన్నది అందరి ఆచారం కాదు. కొన్ని కులాల పద్ధతిని మధ్యతరగతి మొత్తం నేర్చుకుంది.

నాన్నల కోపం ఎవరిది?

ఇంతవరకూ తీర్పు చెప్పేవాళ్ళ గురించి రాశాను. అతిగా అండగా నిలబడేవాళ్ళ గురించి కూడా ఒకటి చెప్పాలి. దానికి తెలంగాణ నుంచి వచ్చిన ఒక కేసు ఉంది, సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తీర్పిచ్చింది. ఆ కేసులో అమ్మాయికి 1999లో పెళ్ళయింది. అమెరికాలో ఉండేవాళ్ళు. 2016లో అక్కడే విడాకులయ్యాయి, పంపకాల ఒప్పందం కూడా అయింది. 2018లో ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 2021లో ఆమె తండ్రి ఇక్కడ పాత అత్తమామల మీద పోలీసు కేసు పెట్టారు, పెళ్ళిలో పెట్టిన బంగారం తిరిగివ్వలేదని.

కోర్టు ఆ కేసు కొట్టేసింది. స్త్రీధనం పూర్తిగా ఆమెది. భర్తకి ఎలా హక్కు లేదో, తండ్రికీ అలాగే లేదు. ఆమె బతికుంది, తన సంగతి తను చూసుకోగలదు, తన తరఫున అడగమని తండ్రికి అధికారం ఇవ్వలేదు. కాబట్టి ఆయన అడగడానికి వీల్లేదు.

ఇది చదివి నేను పెదనాన్నకి చెప్పాను, ఎందుకంటే ఆయనా అక్కడే ఉన్నారు. "నేను అప్పు చేసి పెట్టిన బంగారం, నేనే వెళ్ళి అడుగుతా" అని మూడుసార్లు బయల్దేరారు. పెళ్ళి కోసం తీసుకున్న లోన్‌కి ఇంకా కంతులు కడుతున్నారు కాబట్టి ఆ కోపం ఊరికే రాలేదు. కానీ అక్క వద్దంది. తన దగ్గర నగల ఫొటోలు, బిల్లులు ఉన్నాయి, మాట్లాడేది తనూ తన లాయరూ. నాన్న వెళ్ళి గొడవ చేస్తే, ఒప్పుకున్న మనిషి సంతకం పెట్టనంటే ఏడాది కాస్తా పదేళ్ళవుతుంది. ప్రేమతో చేసినా సరే, ఆమెని అడగకుండా చేస్తే ఆమె జీవితాన్ని ఇంకొకరు నడిపినట్టే. ఒకప్పుడు అత్తవారింట్లో జరిగింది ఇక్కడా జరుగుతుంది.

ఏది అడగొచ్చు?

అలాగని అమ్మానాన్నలు నోరు మూసుకుని ఉండాలా? నేను మొదట అలాగే అనుకున్నాను. అక్కే కాదంది. "నాన్న ఒక ప్రశ్న అడిగి నన్ను కాపాడారు" అంది. ఆ ప్రశ్న, "నీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, బ్యాంకు పుస్తకం ఎక్కడున్నాయి?" అవి ఆ ఇంట్లోనే ఉన్నాయి. మర్నాడే వెళ్ళి తెచ్చుకుంది. ఇంకో రోజు జాయింట్ అకౌంట్ గురించి అడిగారు, అదీ పనికొచ్చింది.

అక్క దీన్ని ఇలా విడదీసింది. కొన్ని ప్రశ్నలు ముందుకి నడుస్తాయి: భయం ఏమైనా ఉందా, కాగితాలున్నాయా, లాయర్ని ఎప్పుడు కలుస్తావు, డబ్బు సరిపోతుందా. వీటికి జవాబు చెప్తే రేపు చేయాల్సిన పని ఒకటి తేలుతుంది. కొన్ని ప్రశ్నలు వెనక్కే నడుస్తాయి: నువ్వేమన్నావు, ఇంకొంచెం సర్దుకుంటే పోయేదేమో, మేం చేసుకోలేదా. వీటికి ఎంత జవాబు చెప్పినా పని ఏమీ తేలదు, మర్నాడు మళ్ళీ అడుగుతారు. నాలుగో నెలలో అక్క అందరినీ కూర్చోబెట్టి ఏం జరిగిందో ఒక్కసారి మొత్తం చెప్పింది. "ఇక దీన్ని మళ్ళీ అడగొద్దు, మిగతావి అడగండి" అంది. పెద్దమ్మ పూర్తిగా ఆపలేదు, కానీ తగ్గించింది.

ఇంకొకటుంది. అక్క కూడా తప్పులు చేసింది. రాత్రి పదకొండుకి వచ్చేది, ఫోన్ చేసేది కాదు. పెద్దమ్మ తిడితే "నా పెళ్ళి చెడిందని తిడుతున్నావు" అని ఏడ్చేది. వదిన ఒకరోజు మెల్లగా అంది, "మీ అన్న లేటైనా అత్తయ్య ఇలాగే తిడతారు". నిజమే. కొడుకు ఇంట్లో ఉన్నా అనే మాటయితే అది ఇంటి మాట, పడాలి. కూతురినే అనే మాటయితే అది పెళ్ళి గురించిన తీర్పు. ఇంతకంటే సులువైన కొలత నాకు దొరకలేదు.

వరమహాలక్ష్మి

బెంగళూరులో శ్రావణ శుక్రవారం అంటే తెలుగిళ్ళలోనూ కన్నడిగుల ఇళ్ళలోనూ సందడే. మనం వరలక్ష్మి అంటాం, ఇక్కడ వరమహాలక్ష్మి. వీధిలో ముత్తైదువలందరినీ పిలిచి పసుపు కుంకుమ, తాంబూలం ఇస్తారు. పోయినేడు అక్క వచ్చిన రెండు నెలలకే పండగ వచ్చింది. పెద్దమ్మ "ఎవరైనా ఏదైనా అడుగుతారు, నువ్వు గదిలో ఉండు" అంది. గదిలో ఇంకా మూటలున్నాయి, ఆ మూటల మధ్యే రెండు గంటలు కూర్చుంది. అక్కకి అన్నిటికంటే బాధ కలిగించింది అదేనట.

ఈ ఏడు మా అమ్మా నేనూ వెళ్ళాం. పెద్దమ్మ ఏమీ ప్రకటించలేదు. తాంబూలాల పళ్ళెం అక్క చేతికిచ్చి "గుమ్మం దగ్గర నువ్వు చూసుకో, నాకు కాళ్ళు నొప్పులు" అంది, అంతే. ఎదురింటి ఆంటీ తాంబూలం తీసుకుంటూ అక్కని చూసి కన్నడంలో అడిగింది, "యావాగ బంద్రి?" ఎప్పుడొచ్చారని.

అక్క జవాబు చెప్పేలోపే లోపల్నుంచి పెద్దమ్మ అంది, "ఇల్లే ఇర్తాళె."

ఇక్కడే ఉంటుంది అని.